ఢిల్లీలో బడి సీటు: ఇల్లు అద్దెకు తీసుకున్న రోజే సగం నిర్ణయం

తెలుగు రాష్ట్రాలలో పాఠశాలలు జూన్ రెండో వారంలో తెరుచుకుంటాయి. అందువల్ల ఢిల్లీకి బదిలీ అయిన ఉద్యోగులలో చాలామంది వేసవిలో సామాను సర్దుకొని జూన్‌లో రాజధానికి చేరుకుంటారు. అప్పటికి అక్కడి విద్యాసంవత్సరం మొదలై రెండు నెలలు దాటి ఉంటుంది. ఢిల్లీ బడుల లెక్క ఏప్రిల్ 1 నుంచి నడుస్తుంది. ప్రైవేటు పాఠశాలల నర్సరీ ప్రవేశాల ప్రక్రియ మార్చిలోనే ముగిసిపోతుంది. హైదరాబాదులోనో విజయవాడలోనో ఇల్లు ఒకచోట, బడి మరోచోట ఉన్నా బస్సు సౌకర్యంతో సర్దుకుపోవచ్చు. ప్రైవేటు బడులు ఇంటి దూరాన్ని బట్టి అక్కడ సీటు ఇవ్వవు. ఢిల్లీలో మాత్రం సీటును ముందుగా నిర్ణయించేది ఇంటి చిరునామాయే.

దీని వెనుక దాదాపు రెండు దశాబ్దాల చరిత్ర ఉంది. మూడేళ్ల పిల్లలకు, వారి తల్లిదండ్రులకు ఇంటర్వ్యూలు పెట్టి సీట్లిచ్చే పద్ధతిపై న్యాయస్థానాలలో వివాదం రేగింది. దాని ఫలితంగా గంగూలీ కమిటీ పాయింట్ల విధానాన్ని సూచించింది. 2013 డిసెంబరులో లెఫ్టినెంట్ గవర్నర్ జారీ చేసిన మార్గదర్శకాలు నూటికి 70 పాయింట్లను ఇంటి దూరానికే కేటాయించాయి. ఇతర రాష్ట్రాల నుంచి బదిలీపై వచ్చినవారి పిల్లలకు 5 పాయింట్లు కూడా వాటిలో ఉన్నాయి. ఆ వెసులుబాటు దుర్వినియోగమవుతోందన్న ఫిర్యాదులు రావడంతో 2014 ఫిబ్రవరి 27న దానిని తొలగించారు. అదే ఏడాది నవంబరులో ఢిల్లీ హైకోర్టు ఆ మార్గదర్శకాలనే కొట్టివేసి, ప్రమాణాల నిర్ణయంలో ప్రైవేటు పాఠశాలలకు స్వేచ్ఛ ఉందని తీర్పు చెప్పింది. అప్పటి నుంచి ప్రతి బడీ తన పాయింట్ల పట్టికను తానే రూపొందించుకుంటోంది. దూరానికి పెద్దపీట వేసే అలవాటు మాత్రం చాలా బడులలో అలాగే నిలిచిపోయింది. బదిలీ ఉద్యోగులకు ఒకప్పుడు దక్కిన ఆ చిన్న ఆసరాపై ఇప్పుడు ఆధారపడే వీలు లేదు.

2026-27 సంవత్సరపు ప్రక్రియను చూస్తే కాలక్రమం అర్థమవుతుంది. పాఠశాలలు నవంబరు చివరికల్లా తమ ప్రమాణాలను విద్యా డైరెక్టరేట్ వెబ్‌సైటు edudel.nic.in లో ఉంచవలసి వచ్చింది. దరఖాస్తులు 2025 డిసెంబరు 4 నుంచి 27 వరకు స్వీకరించారు. తొలి జాబితా జనవరి 23న, రెండోది ఫిబ్రవరి 9న వెలువడగా, మార్చి 19న ప్రక్రియ ముగిసింది. దరఖాస్తు రుసుము 25 రూపాయలే. బడి ముద్రించిన ప్రాస్పెక్టస్ కొనడం తప్పనిసరి కాదు. నర్సరీకి మార్చి 31 నాటికి బిడ్డకు మూడేళ్లు నిండాలి, నాలుగేళ్లు దాటకూడదు.

2025 జూన్‌లో విజయవాడ నుంచి ఢిల్లీకి బదిలీ అయిన ఒక బ్యాంకు ఉద్యోగి కుటుంబాన్ని ఊహించుకుందాం. పెద్దమ్మాయి నాలుగో తరగతికి వచ్చింది. చిన్నవాడు 2022 సెప్టెంబరులో పుట్టాడు. మరుసటి మార్చి 31 నాటికి వాడికి మూడున్నరేళ్లు. డిసెంబరులో దరఖాస్తు చేయాలంటే ఆరు నెలల గడువు ఉన్నట్టు కనిపిస్తుంది. కానీ ఆ గడువంతా బడి వెతకడానికి కాదు, ఇల్లు కుదుర్చుకోవడానికి, దానికి కాగితాలు సంపాదించడానికి.

వారు కోరుకున్న బడి ఒక కిలోమీటరు లోపు ఇంటికి 60 పాయింట్లు, మూడు కిలోమీటర్ల వరకు 45, ఆరు వరకు 30 ఇస్తుందనుకుందాం. అదే బడిలో అక్కో అన్నో చదువుతుంటే 20, తల్లి లేదా తండ్రి పూర్వవిద్యార్థి అయితే 20. తండ్రి ఆఫీసుకు దగ్గరని ఎంచుకున్న ఇల్లు బడికి మూడున్నర కిలోమీటర్ల దూరంలో ఉంటే ఈ పిల్లవాడికి వచ్చేది 30 పాయింట్లే. పక్క వీధిలో ఉండి అదే బడిలో అక్క చదువుతున్న పిల్లవాడికి 80 వస్తాయి. బడిలో 120 సీట్లుంటే 25 శాతం, అంటే 30 సీట్లు, ఆర్థికంగా బలహీన వర్గాలకూ ఇతర నిర్దేశిత వర్గాలకూ వెళతాయి. వాటిని వేరుగా కంప్యూటర్ లాటరీ ద్వారా నింపుతారు. యాజమాన్య కోటా గరిష్ఠంగా 20 శాతం ఉండవచ్చు, అది మరో 24. పాయింట్ల పోటీకి మిగిలేవి 66. గిరాకీ ఉన్న బడిలో ఆ 66 సీట్లూ ఒక కిలోమీటరు లోపు వారితోనే నిండిపోతాయి. చివరి సీట్లకు సమాన పాయింట్లున్నవారు ఎక్కువైతే తల్లిదండ్రుల ఎదుట, వీడియో చిత్రీకరణ మధ్య చీటీలు తీస్తారు. 30 పాయింట్ల వారి వంతు ఆ చీటీల దాకా రాదు.

దూరాన్ని ఎలా కొలుస్తారన్నది కూడా చూసుకోవలసిన విషయమే. కొన్ని బడులు పటంపై సరళరేఖను లెక్కిస్తాయి, కొన్ని రోడ్డు మార్గాన్ని. యమునకు తూర్పున మయూర్ విహార్‌లో ఉండేవారికి నదికి అవతలి బడి సరళరేఖలో దగ్గరే. వంతెన మీదుగా వెళితే లెక్క మారిపోతుంది. నోయిడా, గురుగ్రామ్‌లలో అద్దె తక్కువని ఉండాలనుకునేవారు అవి వేరే రాష్ట్రాల పరిధిలో ఉన్నాయని, ఢిల్లీ ప్రవేశాల పట్టిక అక్కడి బడులకు వర్తించదని గుర్తుంచుకోవాలి.

అసలు చిక్కు కాగితాల దగ్గర వస్తుంది. చిరునామా రుజువుగా డైరెక్టరేట్ పేర్కొనే పత్రాలు రేషన్ కార్డు, నివాస ధ్రువపత్రం, ఓటరు కార్డు, తల్లిదండ్రుల పేరిట ఉన్న విద్యుత్ లేదా నీటి బిల్లు, పాస్‌పోర్టు, ఆధార్. అద్దె ఇంట్లో విద్యుత్ బిల్లు యజమాని పేరిటే ఉంటుంది. కొత్తగా వచ్చిన కుటుంబం ఆధార్ మీద ఇంకా విజయవాడ చిరునామాయే కనిపిస్తుంది. పదకొండు నెలల నోటరీ ఒప్పందాన్ని అంగీకరించని బడులున్నాయి. అందుకే సబ్‌రిజిస్ట్రార్ వద్ద నమోదైన అద్దె ఒప్పందం చేసుకొని, దాని ఆధారంగా ఆధార్‌లో చిరునామా మార్పించుకోవాలి. ఈ పనికి కొన్ని వారాలు పడుతుంది. అక్టోబరులో మొదలుపెట్టినవారికి డిసెంబరుకు పత్రం చేతికందుతుంది. దరఖాస్తుల ప్రకటన చూశాక మొదలుపెట్టినవారు పక్క వీధిలోనే ఉన్నా పాయింట్లు పోగొట్టుకునే ప్రమాదం ఉంది.

పెద్దమ్మాయి పరిస్థితి వేరు. నాలుగో తరగతికి పాయింట్ల పట్టిక ఉండదు, ఖాళీ ఉంటేనే ప్రైవేటు బడి చేర్చుకుంటుంది. విద్యాహక్కు చట్టం 5వ సెక్షన్ పిల్లలకు బడి మారే హక్కును ఇచ్చినా, ప్రైవేటు అన్‌ఎయిడెడ్ బడులను, కేంద్రీయ విద్యాలయాల వంటి ప్రత్యేక కేటగిరీ బడులను దాని నుంచి మినహాయించింది. ఆ హక్కు పనిచేసేది ప్రభుత్వ, ఎయిడెడ్ పాఠశాలల వద్ద. పాత బడి బదిలీ ధ్రువపత్రం ఆలస్యమైందన్న కారణంతో అవి ప్రవేశాన్ని వాయిదా వేయడానికీ నిరాకరించడానికీ వీల్లేదని చట్టం స్పష్టంగా చెబుతోంది.

ఈ కుటుంబానికి మరో దారి కూడా ఉంది. చిన్నవాడి కోసం ఎంచుకున్న బడిలోనే నాలుగో తరగతిలో ఖాళీ ఉందేమో జూలైలోనే విచారించవచ్చు. అక్కకు అక్కడ సీటు దొరికితే డిసెంబరులో తమ్ముడి ఖాతాలో 20 పాయింట్లు చేరతాయి. ఇల్లు రెండున్నర కిలోమీటర్ల దూరంలో దొరికినా దూరానికి వచ్చే 45తో కలిపి మొత్తం 65 అవుతుంది. ఒక కిలోమీటరు లోపున ఉండి వేరే ఏ పాయింటూ లేని కుటుంబానికి వచ్చే 60 కంటే అది ఎక్కువ.