సంతకానికి ముందు రెండో క్లాజు

గద్వాల చీరల దుకాణాలకు స్టాకు, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేసే ఓ చిన్న సంస్థ ఉంది. వనపర్తిలో ఇంట్లో కూర్చొని కోడ్ రాసే కుర్రాడికి ఓ పని ఇస్తూ ముందుగా ఎన్‌డీఏ పంపింది. అంటే మా రహస్యాలు బయట పెట్టనని రాసిచ్చే ఒప్పందం. పని విలువ నలభై వేలు. ‘అన్నా, సంతకం పెట్టేయనా?’ అని నాకు వాట్సాప్ చేశాడు. ముందు రెండో క్లాజు చదవమన్నాను.

‘సంస్థ పనితో సంబంధమున్న సమాచారమంతా రహస్యమే’ అని రాశారందులో. ఏ నేతన్న దగ్గర ఏ ధరకు కొంటున్నారు, కొనేవాళ్ల ఫోన్ నంబర్లేంటి అన్నవి బయటకు పోతాయని సంస్థ భయం. అది న్యాయమే. చిక్కంతా ‘అంతా’ అన్న మాటతోనే. మనవాడు రెండేళ్ల కిందట నాగర్‌కర్నూల్‌లో ఓ మెడికల్ షాపుకు బార్‌కోడ్ చదివే మాడ్యూల్ రాశాడు. హక్కులు రాతపూర్వకంగా ఇవ్వలేదు కాబట్టి, కాపీరైట్ చట్టం ప్రకారం ఆ కోడ్ అతనిదే. ఇక్కడ వాడితే రేపు అదీ ‘అంతా’లోకి పోతుంది.

అందుకే మినహాయింపులు రాయించాలి. అప్పటికే అందరికీ తెలిసినది, ముందే తన దగ్గరున్నది, వేరేవాళ్ల నుంచి సక్రమంగా వచ్చినది, వాళ్ల సమాచారం వాడకుండా సొంతంగా రాసుకున్నది రహస్యం కాదని. పాత మాడ్యూళ్ల పేర్లు చివర అనుబంధంగా జోడించాలి. గిట్‌లో కమిట్ తేదీలు మార్చొచ్చు కాబట్టి వాటినే నమ్ముకోవద్దు. సంతకానికి ముందే ఆ జాబితాను సంస్థకు ఈమెయిల్ చేస్తే గట్టి సాక్ష్యం.

పని అయ్యాక ‘కాపీలన్నీ చెరిపేశాను’ అని రాసివ్వాలనేది ఇంకో క్లాజు. పాస్‌వర్డులు, డేటా లాప్‌టాప్‌లో మిగలకూడదని దాని ఉద్దేశం. `.env` ఫైలు చెరిపేస్తాం సరే, ఆటోమేటిక్ బ్యాకప్‌లో ఉండిపోయిన కాపీ సంగతో? వాటంతటవి పోయేదాకా అవీ రహస్యంగానే ఉంచుతానన్న వాక్యం చేర్చమన్నాను. లేకపోతే అబద్ధానికి సంతకం పెట్టినట్టే.

రెండేళ్లపాటు వేరే చీరల దుకాణాలకు పని చేయకూడదని కూడా ఉంది. పని జరుగుతున్నప్పుడు అలాంటి షరతు చెల్లొచ్చు. పని ముగిశాక మాత్రం 1872 కాంట్రాక్ట్ చట్టం 27వ సెక్షన్ దాన్ని చెల్లనివ్వదు. రహస్యం దాచే బాధ్యత వేరు, అది అప్పుడూ ఉంటుంది.

ఉల్లంఘిస్తే పది లక్షలట! నలభై వేల పనికి! భయపెట్టడానికే ఆ అంకె. 74వ సెక్షన్ ప్రకారం రాసుకున్న మొత్తం గరిష్ఠ పరిమితి మాత్రమే, ఆ లోపు సమంజసమైనంతే కోర్టు ఇప్పిస్తుంది. కాకపోతే కోర్టుకు తిరిగే ఖర్చు మనదే కదా, అందుకే ముందే తగ్గించమని అడగాలి.

సంస్థ అనుబంధానికి ఒప్పుకుంది, రెండేళ్ల షరతు తీసేసింది. పది లక్షల దగ్గర బేరం ఇంకా నడుస్తోంది.