పసుపు ఆకు చూసి యూరియా చల్లకండి

పొలంలో ఆకు పసుపుబారగానే మన చేయి యూరియా బస్తా మీదకే పోతుంది. చల్లిన వారం రోజులకు కూడా పచ్చదనం రాకపోతే ఇంకో బస్తా తెస్తాం. అయితే ఆ పసుపు పైరు పైభాగాన కనిపిస్తోందా, కింది భాగాన కనిపిస్తోందా అని ముందు చూడాలి. నత్రజని తక్కువైతే ముందు ముదురాకులు పసుపెక్కుతాయి. గంధకం తక్కువైతే లేతాకులు పాలిపోయి, ముదురాకులు పచ్చగానే ఉంటాయి. గంధకం లేని పైరుకు యూరియా ఎంత వేసినా వాడుకోలేదు.

ఈ లోపం మన ప్రాంతానికి కొత్త కాదు. 2000 తర్వాతి తొలి సంవత్సరాల్లో ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు నాటి కర్నూలు, మహబూబ్‌నగర్, నల్గొండ జిల్లాల మెట్ట పొలాల మట్టి పరీక్షించారు. గంధకం, బోరాన్, జింకు చాలా పొలాల్లో తక్కువగా తేలాయి. నల్లమల అంచున మహానంది వైపు తేలిక నేలల్లో నీటితో పాటు గంధకం, బోరాన్ కిందికి దిగిపోతాయి. నంద్యాల, ఆళ్లగడ్డ నల్లరేగళ్లలో సున్నం పాలు ఎక్కువగా ఉన్న చోట, ముఖ్యంగా నేల బెట్టకొచ్చినప్పుడు, బోరాన్ ఉన్నా వేరుకు అందదు. పశువుల ఎరువు తగ్గిపోవడం రెండు నేలలకూ నష్టమే.

దీనికి మన ఎరువుల అలవాటు కూడా తోడైంది. డీఏపీలో గంధకం లేదు. సింగిల్ సూపర్ ఫాస్ఫేటులో భాస్వరం 16 శాతం, గంధకం దాదాపు 11 శాతం ఉంటాయి. 50 కిలోల డీఏపీ బస్తా 23 కిలోల భాస్వరం, 9 కిలోల నత్రజని ఇస్తుంది. దాని బదులు మూడు బస్తాల సూపర్, 20 కిలోల యూరియా వేస్తే అంతే భాస్వరం, అంతే నత్రజని అందుతాయి. పైగా ఎకరాకు 16 కిలోల గంధకం దక్కుతుంది. పొద్దుతిరుగుడుకు ఎకరాకు 10 కిలోల గంధకం చాలు. నూనె శాతం పెరగడానికి పనికొచ్చేది అదే. డీఏపీయే వేసిన రైతు 55 కిలోల జిప్సం ఆఖరి దుక్కిలో కలపాలి. వేరుశనగకు పూత, ఊడలు దిగే దశలో ఎకరాకు 200 కిలోల జిప్సం మొదళ్ల దగ్గర వేసి మట్టి ఎగదోస్తే గంధకంతో పాటు కాయకు కావలసిన కాల్షియం కూడా అందుతుంది.

బోరాన్ లోపం ఆకు మీద కంటే దిగుబడిలో ఎక్కువగా బయటపడుతుంది. పొద్దుతిరుగుడులో లేతాకులు మందంగా, పెళుసుగా మారి, పువ్వు వంకర తిరిగి, మధ్యలో తాలు గింజలు మిగులుతాయి. అయితే తేనెటీగలు రాకపోయినా, గింజ కట్టేటప్పుడు నీటి ఎద్దడి వచ్చినా తాలు ఏర్పడుతుంది. అందుకే లేతాకును కూడా చూసి నిర్ణయించాలి. వేరుశనగ గింజను రెండు బద్దలుగా చీల్చి చూడండి. లోపలి ముఖం గుంటపడి గోధుమరంగుకు తిరిగి ఉంటే అది బోరాన్ లోపమే. కాలీఫ్లవర్‌లో కాడ లోపల బోలుపడి, పువ్వు మీద గోధుమ మచ్చలు వస్తాయి. టమోటాలో కాయలు పగులుతాయి, కానీ అది నీటి హెచ్చుతగ్గుల వల్ల కూడా జరుగుతుంది.

పొద్దుతిరుగుడులో పువ్వు చుట్టూ ఉండే పసుపు ఆకర్షక పత్రాలు విచ్చుకునే దశలో లీటరు నీటికి 2 గ్రాముల బోరాక్స్ చొప్పున పిచికారీ చేయాలి. ఎకరాకు 200 లీటర్ల మందునీటికి 400 గ్రాములు సరిపోతుంది. ముందుగా కొద్దిపాటి వేడినీటిలో కరిగించి కలపాలి. తేనెటీగలు తిరగని సాయంత్రం వేళ కొట్టడం మేలు. పూత అయిపోయాక కొడితే తాలు గింజ నిండదు. కాలీఫ్లవర్ నాటే ముందు, లోపం పరీక్షలో తేలిన నేలలో, ఎకరాకు 4 కిలోల బోరాక్స్ ఇసుకతో కలిపి సమంగా చల్లాలి.

బోరాన్ విషయంలో చాలినంతకూ విషమయ్యేదానికీ మధ్య తేడా చాలా తక్కువ. ఎక్కువైతే ముదురాకుల అంచులు మాడిపోతాయి. పరీక్ష లేకుండా ప్రతి పంటకూ వేయరాదు.

మట్టి పరీక్ష ఫలితం రైతుకు చేరేది ఎప్పుడు? 2015లో మొదలైన సాయిల్ హెల్త్ కార్డులో గంధకం, బోరాన్‌తో కలిపి 12 అంశాలుండాలి. విత్తనం పడ్డాక వచ్చే కార్డు, ఆ రెండు గడులూ ఖాళీగా ఉన్న కార్డు రైతుకు ఉపయోగపడదు. విత్తే ముందే పూర్తి ఫలితాలివ్వాలని, సూపర్, జిప్సం సీజన్‌కు ముందే రైతు సేవా కేంద్రాల్లో ఉంచాలని మనం అడగాలి. అడిగే ముందు మన వంతుగా కోత అయిన పొలంలో ఎనిమిది పది చోట్ల జానెడు లోతు మట్టి తీసి, కలిపి, అర కిలో సంచిలో కట్టి నమూనా ఇచ్చి రశీదు తీసుకుందాం.