పవర్ బ్యాంకు మీద చూడాల్సిన అంకె

మా మెట్‌పల్లి నుంచి దుబాయ్, మస్కట్ పోయేవాళ్లు శంషాబాద్ బయల్దేరే ముందు నన్ను తరచుగా అడిగే మాట ఒకటుంది. "అన్నా, నా పవర్ బ్యాంకు ముప్పై వేల ఎంఏహెచ్. విమానంల రానిస్తరా?" దాని మీద వోల్టు ఎంతుందో చూసి చెప్పమంటాను. విమాన సంస్థలు లెక్క చూసేది ఎంఏహెచ్‌లో కాదు, వాట్ అవర్‌లో.

ఎందుకో చూద్దాం. 3.7 వోల్టుల సెల్స్ నాలుగు తీసుకోండి, ఒక్కొక్కటి 5,000 ఎంఏహెచ్. వాటిని పక్కపక్కన కలిపితే 20,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకు అవుతుంది. ఒకదాని వెనక ఒకటి కలిపితే 14.8 వోల్టుల ల్యాప్‌టాప్ బ్యాటరీ అవుతుంది, దాని మీద 5,000 ఎంఏహెచ్ అనే ఉంటుంది. సెల్స్ అవే, అంటుకుంటే పుట్టే వేడీ అంతే. ఎంఏహెచ్ చూస్తే మాత్రం ఒకటి రెండోదానికి నాలుగింతలు! వాట్ అవర్‌లో రెండూ 74. లోపల నిలవ ఉన్న శక్తిని చెప్పేది ఈ అంకే.

లెక్క చాలా తేలిక:

```
Wh = mAh × V ÷ 1000
```

20,000ను 3.7తో గుణించి వెయ్యితో భాగిస్తే 74. అదే 30,000 అయితే 111.

ఇక్కడ చాలామంది తడబడతారు. లేబుల్ మీద 'అవుట్‌పుట్ 5 వోల్ట్' అని పెద్దగా ఉంటుంది కదా, దాంతో గుణిస్తారు. అప్పుడు 20,000ది కూడా 100కు చేరినట్టు కనిపిస్తుంది. పెద్ద ఎంఏహెచ్ అంకె లోపలి సెల్స్‌ది, కాబట్టి సెల్ వోల్టుతోనే గుణించాలి. అది మామూలుగా 3.7 ఉంటుంది, కొన్నింట్లో 3.85 ఉంటుంది. 27,000ది 3.7తో 99.9 వస్తే, 3.85తో దాదాపు 104 అవుతుంది. Wh అని లేబుల్ మీదే ఉంటే ఈ గుణకారమే అక్కర్లేదు.

100 వాట్ అవర్ వరకు సాధారణంగా అనుమతి అడగనక్కర్లేదు. 100 దాటి 160 లోపు ఉంటే విమాన సంస్థ ముందే ఒప్పుకోవాలి. ఎమిరేట్స్ అయితే 2025 అక్టోబర్ 1 నుంచి 100 లోపుది ఒక్కటే తీసుకుపోనిస్తోంది, విమానంలో వాడనివ్వదు. అంటే ఆ ముప్పై వేలది దాంట్లో నడవదు.

ఎంత చిన్నదైనా చెకిన్ బ్యాగులో పెట్టొద్దు, చేతి సంచిలోనే ఉండాలి. క్యాబిన్‌లో పొగ వస్తే సిబ్బంది వెంటనే నీళ్లు పోసి చల్లారుస్తారు. కింద సామాన్ల గదిలో అంటుకుంటే అక్కడికి ఎవరూ పోలేరు.

లేబుల్ అరిగిపోయిందా? అంకె కనబడకపోతే తనిఖీ దగ్గర ఆపేయవచ్చు. దాన్ని ఇంట్లోనే ఉంచి, Wh అచ్చువేసినది కొనుక్కుని పోవడం మేలు.