ఉత్తరానికీ ఒక గొంతు ఉంటుంది

ఎదురుగా నిలబడి మాట్లాడేటప్పుడు సగం అర్థం మన ముఖం, గొంతే చెప్పేస్తాయి. ఈ-మెయిల్‌లో ఆ రెండూ ఉండవు. రాసేవాడికి మాత్రం ఆ సంగతి తెలియదు. ఎందుకంటే రాస్తున్నంతసేపూ తన గొంతు తన చెవిలో వినిపిస్తూనే ఉంటుంది.

2005లో క్రూగర్, ఎప్లీ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు తమ సహచరులతో కలిసి ఈ విషయాన్నే పరీక్షించారు. తమ మెయిల్‌లోని మాట వ్యంగ్యమో నిజమో చదివేవారు ఇట్టే పట్టేస్తారని రాసినవారు నమ్మారు. చదివినవారు మాత్రం బొమ్మా బొరుసా వేసి చెప్పినదానికంటే పెద్దగా మెరుగ్గా చెప్పలేకపోయారు.

ఈ లోటు తీర్చడానికే 1982లో స్కాట్ ఫాల్మన్ అనే ఆచార్యుడు :-) గుర్తును సూచించాడు. నేటి ఎమోజీలదీ అదే పని. కానీ అవి అందరి దగ్గరా ఒకేలా పనిచేయవు.

స్కాలర్‌షిప్ పడని ఒక విద్యార్థి కాలేజీ ఆఫీసుకు ఇలా రాశాడనుకుందాం: "సార్!!! అందరికీ వచ్చింది!!! నాకు రాలేదు!!! ప్లీజ్ 😭🙏"

అతని ఉద్దేశం బతిమాలడమే. గుమాస్తాగారికి మాత్రం ఆ ఆశ్చర్యార్థకాలు అరుపుల్లా, 'అందరికీ వచ్చింది' అన్నది నిందలా వినిపిస్తాయి. ఏడుపు బొమ్మ చిన్నపిల్లల వ్యవహారంలా ఉంటుంది. పైగా దరఖాస్తు నంబరే లేదు, ఆయన ఏం వెతుకుతారు?

అదే ఇలా రాస్తే? "అయ్యా, నేను బి.యస్సీ. రెండవ సంవత్సరం విద్యార్థిని. నా దరఖాస్తు నంబరు కింద ఇచ్చాను. బ్యాంకు ఖాతాలో డబ్బు పడలేదు. ఎక్కడ ఆగిందో దయచేసి తెలియజేయగలరు." ఇక్కడ పొట్టి వాక్యాలు మేలు చేశాయి. ఒక్కో వాక్యం ఒక్కో సంగతి చెప్పింది.

అవే పొట్టి వాక్యాలు మరోచోట గాయం చేస్తాయి. వార్షికోత్సవానికి రమ్మని సీనియర్ అక్క ప్రేమగా రాస్తే "రాలేను." అని ఊరుకోవడం తలుపు వేసినట్టే. కారణం చెబుతూ ఇంకో వాక్యం ఉండాలి. ఆమెకు ఉద్యోగం వచ్చినప్పుడు "అభినందనలు అక్కా!" అనాలి. అక్కడ ఆ గుర్తు లేకపోతే మొక్కుబడిగా ఉంటుంది. అయితే, ఒకటి చాలు. అలాగే అధికారి "చూస్తాను." అని ఒక్క ముక్కే రాస్తే అది కోపమనుకోవద్దు. ఎన్నో మెయిళ్ల మధ్య ఆయనకు దొరికిన తీరిక అంతే కావచ్చు.

కొత్తవారికి రాసే మొదటి మెయిల్‌లో నవ్వు బొమ్మ వద్దని నా అభిప్రాయం. పరిచయం లేనివారి ఆఫీసు మెయిల్‌లో అది ఆప్యాయతను పెంచకపోగా, రాసినవారి సామర్థ్యంపై అంచనాను తగ్గిస్తుందని 2017లో వెలువడిన ఒక పరిశోధనలో తేలింది. వారు బొమ్మ పెట్టి జవాబిస్తే అప్పుడు మనమూ ఒకటి పెట్టవచ్చు.

సందేహం ఉంటే, పంపే ముందు పక్క మంచం మిత్రుడి చేత పైకి చదివించండి. అతని చెవిలో మీ గొంతు ఉండదు. అతను విసుగ్గా చదివితే, అవతలివారూ అలాగే చదువుతారు.