రెండు ఆఫర్లు, ఒక చెట్టు

చేతిలో రెండు ఆఫర్ లెటర్లుంటే చుట్టూ ఉన్నవాళ్లంతా సలహాదారులే. నాన్నేమో "పెద్ద కంపెనీ, కళ్లు మూసుకుని చేరిపో" అంటారు. ఫ్రెండ్సేమో "జీతం ఎక్కువిస్తుంటే ఇంకా ఆలోచనేంటి?" అంటారు. ఎవరికి వాళ్లు ఒక్క కొమ్మను చూసి చెప్తున్నారు. చెట్టు మొత్తం కనపడాలంటే కాగితం మీద గీయాల్సిందే. దాన్నే డెసిషన్ ట్రీ అంటారు.

ఈమధ్య మా పిన్ని కూతురికి ఇదే చిక్కు వచ్చింది. రెండు ఉద్యోగాలూ హైదరాబాద్‌లోనే. ఒకటి పాత ఐటీ కంపెనీ, ఏడాదికి 6 లక్షలు. రెండోది స్టార్టప్, 9 లక్షలు. తన ఎడ్యుకేషన్ లోన్‌కి నెలకు 15 వేలు ఈఎమ్ఐ కట్టాలి. "అక్కా, స్టార్టప్ వాళ్లు మధ్యలో తీసేస్తే?" అన్నది తన భయం. సరే, ఆ భయాన్ని కూడా ఒక కొమ్మగా గీద్దామన్నాను.

ఎడమ పక్కన ఒక చిన్న చతురస్రం గీశాం. అక్కడ నిర్ణయం మనది. దాన్నుంచి రెండు కొమ్మలు: ఐటీ కంపెనీ, స్టార్టప్. ఒక్కో కొమ్మ చివర ఒక సున్నా. అక్కడి నుంచి ఏం జరుగుతుందో మన చేతిలో లేదు, అందుకే సున్నా నుంచి వెళ్లే కొమ్మల మీద అవకాశాలు రాయాలి. ఒకే సున్నా నుంచి బయల్దేరే అంకెలు కలిపితే కచ్చితంగా 1 రావాలి. రాకపోతే ఏదో కొమ్మ మర్చిపోయామన్నమాట. కొమ్మల చివర రెండేళ్లలో మొత్తం ఎంత జీతం వస్తుందో రాశాం.

ఐటీ కంపెనీలో మామూలు హైక్ వచ్చే అవకాశం 0.8, అప్పుడు రెండేళ్లకు 12.5 లక్షలు. మంచి ప్రాజెక్టు దొరికే అవకాశం 0.2, అప్పుడు 14 లక్షలు.

స్టార్టప్‌లో ఉద్యోగం నిలబడే అవకాశం 0.6 అనుకున్నాం. నిలబడితే అక్కడ ఇంకో సున్నా: ప్రమోషన్ వస్తే (0.3) 21 లక్షలు, రాకపోతే (0.7) 18 లక్షలు. నిలబడకపోతే (0.4) ఆరు నెలల జీతం 4.5 లక్షలు, ఆరు నెలలు ఖాళీ, తర్వాతి ఏడాది 6 లక్షల ఉద్యోగం. మొత్తం 10.5 లక్షలు.

చెట్టును ఎడమ నుంచి గీస్తాం కానీ, లెక్క కుడి చివర నుంచి వెనక్కి చేయాలి. ముందు చివరి సున్నా, తర్వాత దాని వెనకది:

```
0.3 × 21 + 0.7 × 18 = 18.9
0.6 × 18.9 + 0.4 × 10.5 = 15.54
0.8 × 12.5 + 0.2 × 14 = 12.8
```

చాలామంది తడబడేది ఆ ప్రమోషన్ దగ్గరే. 0.3 అనేది ఉద్యోగం నిలబడ్డాక వచ్చే అవకాశం. చేరే రోజున చూస్తే అది 0.6 × 0.3, అంటే 0.18 మాత్రమే. 21 లక్షల కొమ్మ అందరికీ ముందు కనపడుతుంది గానీ, నిజానికి ఐదింట ఒక వంతు కూడా లేదు.

స్టార్టప్ 15.54, ఐటీ కంపెనీ 12.8. ఇవే ఎక్స్‌పెక్టెడ్ వాల్యూలు. అయితే వెంటనే సంతకం పెట్టేయొచ్చా? ఆగండి. ఆ 15.54 లక్షలు ఏ కొమ్మ చివరా లేవు, చూశారా? అది సగటు. తనకి వచ్చేది 21, 18, 10.5లో ఏదో ఒకటే.

పైగా 0.6 అన్నది మన ఊహ. అందుకే ప్రశ్నను తిప్పి వేశాం: ఉద్యోగం నిలబడే అవకాశం ఎంతకి పడిపోతే రెండు ఆఫర్లూ సమానమవుతాయి? లెక్కేస్తే సుమారు 0.27 వచ్చింది. ఇప్పుడు 0.6 కచ్చితమా కాదా అని తల బద్దలు కొట్టుకోనక్కర్లేదు. 0.27 కంటే ఎక్కువేనా అని తెలిస్తే చాలు. అది కంపెనీ దగ్గర ఎన్ని నెలలకు సరిపడా డబ్బుందో, ఈ ఏడాది ఎంతమందిని తీసేశారో అడిగితే ఓ అంచనాకి వస్తుంది.

ఇక మిగిలింది ఆ 10.5 కొమ్మ. ఐటీ కంపెనీలో అన్నిటికన్నా తక్కువ వచ్చే కొమ్మ కూడా 12.5. అంటే స్టార్టప్‌లో పదింట నాలుగు వంతులు 2 లక్షలు నష్టపోయే అవకాశం ఉంది. జీతం లేని ఆ ఆరు నెలల్లో ఈఎమ్ఐలే 90 వేలు. సగటు ఎంత బాగున్నా బ్యాంకు వాయిదా ఆగదు కదా.

అందుకే జీతం పెంచమని బేరమాడొద్దు, ఈ కొమ్మ మీదే మాట్లాడమన్నాను. కంపెనీయే తీసేస్తే మూడు నెలల జీతం ఇస్తామని ఆఫర్ లెటర్‌లో రాయించుకోమన్నాను. అది 2.25 లక్షలు. దాంతో 10.5 కాస్తా 12.75 అవుతుంది, ఐటీ కంపెనీ మామూలు కొమ్మ కంటే కాస్త పైకే. అయితే డబ్బులైపోయి కంపెనీయే మూతపడితే ఆ కాగితంతో అంత పని జరగదు. కాబట్టి ఆరు ఈఎమ్ఐల డబ్బు ముందే పక్కన పెట్టుకోవాలి.

స్టార్టప్ వాళ్లు రెండు నెలలకు ఒప్పుకున్నారు. 10.5 కొమ్మ 12 అయింది. మిగిలిన 50 వేల తేడా తను భరించగలనంది, చేరింది.