ఇన్‌స్టాల్ 10 రూపాయలకే.. మరి డబ్బు కట్టే కస్టమర్ ఎంతకి పడుతున్నాడు?

కొత్తూరు: షిఫ్ట్ దిగి శంషాబాద్ వైపు బస్సెక్కాక ఫోన్‌లో వీడియోలు చూస్తుంటే, మధ్యలో ఓ యాప్ యాడ్. 'ఇన్‌స్టాల్' నొక్కారు. ఇల్లు చేరేలోపు స్టోరేజ్ ఫుల్ అని తీసేశారు. మీకైతే పోయిందేమీ లేదు. కానీ ఆ ఒక్క నొక్కుడికి యాప్ కంపెనీ డబ్బు కట్టేసింది. దాన్నే కాస్ట్ పర్ ఇన్‌స్టాల్, పొట్టిగా సీపీఐ అంటారు. యాడ్ ఏజెన్సీలు గొప్పగా చూపించేదీ, చాలామంది యజమానులు మోసపోయేదీ ఈ అంకె దగ్గరే.

ఓ ఉదాహరణ చూద్దాం. అంకెలు లెక్క కోసం వేసుకున్నవే. నెలకు 99 రూపాయల తెలుగు వీడియో యాప్ ఒకటి ఉందనుకోండి. రెండు చోట్ల లక్ష చొప్పున యాడ్స్‌కి పెట్టింది. మొదటి చోట ఇన్‌స్టాల్ 10 రూపాయలే, అంటే 10 వేల ఇన్‌స్టాల్స్. రెండో చోట 40 రూపాయలు, 2,500 మాత్రమే వచ్చాయి. ఇక్కడితో ఆపేస్తే మొదటిదే సూపర్ హిట్.

నెల ఆగి చూస్తే కథ మారింది. మొదటి 10 వేల మందిలో 30వ రోజు యాప్ తెరిచింది 100 మంది, సబ్‌స్క్రిప్షన్ కట్టింది 20 మంది. రెండో 2,500 మందిలో 200 మంది మిగిలారు, 75 మంది కట్టారు. అంటే డబ్బు కట్టే ఒక్కో మనిషి మొదటి చోట 5,000 రూపాయలకి పడ్డాడు, రెండో చోట సుమారు 1,333కి. చవక అనుకున్నదే దాదాపు నాలుగు రెట్లు ఖరీదు.

అలాగని రెండోది లాభమా అంటే, అదీ ఇంకా కాదు. 99 రూపాయల్లో 18 శాతం జీఎస్టీ పోతే 84 దాకా మిగులుతుంది. ప్లే స్టోర్ ద్వారా కడితే ఆటోమేటిక్‌గా రెన్యూ అయ్యే సబ్‌స్క్రిప్షన్లపై 2022 జనవరిలో గూగుల్ 15 శాతం రేటు పెట్టింది. ఆ రేటే వేసుకుందాం. చివరికి చేతికొచ్చేది 71 రూపాయలు. ఈ లెక్కన యాడ్ ఖర్చు తిరిగి రావాలంటే రెండో చోట వచ్చినవాడు 19 నెలలు ఆగకుండా కట్టాలి. మొదటి చోట వచ్చినవాడైతే దాదాపు 70 నెలలు! ఏ యాప్‌ని ఎవరు ఆరేళ్లు కడతారు చెప్పండి?

ఇక్కడో జాగ్రత్త. రిటెన్షన్‌ని అన్ని యాప్‌లకీ ఒకే కొలతతో కొలవకూడదు. వీడియో యాప్‌ని వారంలో ఒక్కసారీ తెరవలేదంటే ఆ కస్టమర్ పోయినట్టే. అదే శంషాబాద్ ఎయిర్‌పోర్టులో వాడే డిజీ యాత్ర లాంటిదైతే, విమానం ఎక్కే రోజే తెరుస్తారు. 30వ రోజు అంకె చూసి అది ఫెయిల్ అనలేం. అన్నట్టు, డిజీ యాత్ర 2024లో పాత యాప్ తీసేసి కొత్తది వేసుకోమని ప్రయాణికులకు చెప్పింది. మనిషి ఒక్కడే, ఇన్‌స్టాల్స్ రెండు.

మరీ చవక ఇన్‌స్టాల్స్ ఎక్కడి నుంచి వస్తాయి? ఒకటి, 'యాప్ వేసుకో, కాయిన్స్ తీసుకో' అనే ఆఫర్ల నుంచి. కాయిన్స్ పడగానే యాప్ పోతుంది. రెండోది మోసం. మీరు సొంతంగా యాప్ వేసుకుంటుండగా, ఫోన్‌లో ఉన్న వేరే యాప్ అది పసిగట్టి చివరి క్షణంలో దొంగ క్లిక్ పంపుతుంది. ఇన్‌స్టాల్ తన వల్లే వచ్చిందని డబ్బు అడుగుతుంది. పట్టుకునే దారి ఉంది. యాడ్‌పై క్లిక్‌కీ, యాప్ మొదటిసారి తెరవడానికీ మధ్య టైమ్ చూడాలి. డౌన్‌లోడ్‌కే కొంత సమయం పడుతుంది కదా, రెండు మూడు సెకన్లే చూపించే ఇన్‌స్టాల్స్ కుప్పలుగా ఉంటే అనుమానించాల్సిందే. విచిత్రం ఏంటంటే, ఈ దొంగ ఇన్‌స్టాల్స్‌లో రిటెన్షన్ బాగానే కనిపిస్తుంది. ఎందుకంటే వాళ్లు నిజంగా యాప్ కావాలని వచ్చినవాళ్లే!

ఊబర్‌కి జరిగింది ఇలాంటిదే. 15 కోట్ల డాలర్ల యాడ్ ఖర్చులో 10 కోట్లు ఆపేసినా యాప్ ఇన్‌స్టాల్స్‌లో పెద్ద తేడా రాలేదని ఆ కంపెనీలో యాడ్స్ విభాగం చూసిన కెవిన్ ఫ్రిష్ తర్వాత చెప్పారు. దీనిపై ఊబర్ 2017లో యాడ్ ఏజెన్సీ ఫెచ్ మీద కేసు కూడా వేసింది.

చిన్న కంపెనీ కూడా ఈ పరీక్ష చేసుకోవచ్చు. మహబూబ్‌నగర్‌లో రెండు వారాలు యాడ్ ఆపి, నల్గొండలో కొనసాగించాలి. తర్వాత రెండు జిల్లాల్లో యాడ్ నుంచి వచ్చినవీ, సొంతంగా వచ్చినవీ కలిపి మొత్తం కొత్త సబ్‌స్క్రిప్షన్లు అంతకుముందు రెండు వారాలతో పోల్చాలి. నల్గొండ నిలకడగా ఉండి మహబూబ్‌నగర్‌లో పడితే యాడ్ పనిచేస్తున్నట్టు. రెండూ ఒకేలా ఉంటే ఆ డబ్బు ఎటు పోతోందో ఏజెన్సీని అడగాలి. పండగ వారంలో మాత్రం ఈ పరీక్ష పెట్టొద్దు. కొత్త సినిమా పడితే లెక్కంతా కలగాపులగం అవుతుంది.