ఇంటి లెక్క: కార్డు ఫీజు వాపసు అడిగేటప్పుడు

పోయిన నెల మా పక్కింటి వదినె క్రెడిట్ కార్డు బిల్లు పట్టుకొని వచ్చింది. "నేను కొనని 590 రూపాయలు ఎట్ల పడ్డయి?" అని అడిగింది. చూస్తే అది కార్డు వార్షిక ఫీజు 500, దాని మీద 18 శాతం జీఎస్టీ 90.

కార్డుతో వచ్చిన కాగితంలో "ఏడాదికి లక్ష వాడితే ఫీజు మాఫీ" అని ఉంది. వదినె 1,12,400 వాడిన అంటది. ఇద్దరం కూర్చొని పన్నెండు బిల్లులు ముందు వేసుకున్నం. ఏడాది అంటే జనవరి నుంచి కాదు, కార్డు వచ్చిన నెల నుంచి. అట్ల కూడితే మొత్తం సరిగ్గనే ఉంది. కాని అందులో పెట్రోలు 9,600, ఫోన్ వాలెట్‌లో వేసుకున్నది 6,000. ఈ రెండూ లెక్కకు రావని అదే కాగితంలో చిన్న అక్షరాల్లో ఉంది. అవి తీస్తే 96,800. లక్షకు 3,200 తక్కువ. లక్ష దాటి ఉంటే హక్కుగా అడగొచ్చు. ఇప్పుడు అడగడం మన వంతు, ఇవ్వడం బ్యాంకు ఇష్టం.

కార్డు వెనక ఉన్న నంబరుకు వదినె ఫోన్ చేసింది. "96,800 వాడిన, ఒక్క నెల కూడా బిల్లు ఆలస్యం చెయ్యలె. ఫీజు వాపసు చెయ్యండి, లేకుంటే కార్డు మూసేస్త" అన్నది. అవతలి పిల్ల, "మేడమ్, మీకు 2,400 రివార్డ్ పాయింట్లు ఉన్నయి, వాటితో ఫీజు కట్టేయండి" అన్నది.

ఇక్కడే జాగ్రత్త. ఆ కార్డులో పాయింటు విలువ 25 పైసలు, అంటే 2,400 పాయింట్లు 600 రూపాయలు. అవి మన సొమ్మే. వాటితో కడితే ఫీజు మాఫీ అయినట్టు కాదు, మన జేబులోంచి కట్టినట్టే. వదినె ఒప్పుకోలె. చివరికి, రెండు నెలల్లో 5,000 వాడితే వాపసు ఇస్తమన్నరు. ఇంట్ల ఎట్లాగూ కొనే సామానే గనుక సరే అన్నది. అదే మాట మెసేజ్‌గా పంపించుకొని, ఫిర్యాదు నంబరు రాసుకున్నది.

వాపసు వస్తది గదా అని ఆ నెల బిల్లులో 590 తగ్గించి కట్టొద్దు. బాకీ మిగిలితే వడ్డీ పడ్తది. పూర్తిగా కట్టినం. వాపసు తర్వాతి బిల్లులో జమ అయితది. 500 ఒక్కటే కాదు, జీఎస్టీ 90 కూడా వచ్చిందా అని చూడాలె.

ఒకవేళ ఇవ్వమంటే? ముందు పాయింట్లు వాడుకొని, బాకీ అంతా కట్టి, తర్వాత కార్డు మూయమని రాసివ్వండి. మూసినంక పాయింట్లు పోవచ్చు. బాకీ లేకుంటే ఏడు పనిదినాల్లో మూయాలని రిజర్వు బ్యాంకు నియమం. ఆలస్యమైతే రోజుకు 500 చొప్పున బ్యాంకే మనకు కట్టాలె.